తేదీ మార్చేది ఎవరు, చదివేది ఎవరు: అనంతపురంలో ఒక డ్రిప్ టీముకు షెడ్యూలింగ్ టూల్ ఎంచిన కేస్ స్టడీ

ఏప్రిల్‌లో ఒక ఉదయం గార్లదిన్నె దగ్గర చీని తోటకు రెండు జతల ఫిట్టర్లు పది నిమిషాల తేడాతో చేరారు. రెండు జతలదీ ఒకే సంస్థ, వచ్చిన పనీ ఒకటే: శాండ్ ఫిల్టర్ దగ్గర లీకు. అదే సమయానికి నార్పల వైపు అరటి తోట రైతు ఆఫీసుకు ఫోను చేసి, "ఈ పొద్దు వస్తామని చెప్పినారు కదప్పా, ఇంగ రెండు గంటల్లో కరెంటు పోతాది" అంటున్నాడు. ఆ పనికి ఎవరూ బయల్దేరలేదు. ఆఫీసులో అడిగితే "గ్రూపులో పెట్టినాం సార్" అన్నారు. గ్రూపులో వెతికితే మెసేజీ ఉంది. దాని కింద "ఓకే అన్నా" అనే జవాబు కూడా ఉంది. కాకపోతే ఆ ఓకే దాని పైనున్న ఇంకో మెసేజీకి.

చిన్న వ్యాపారాలకు పని క్రమం కుదిర్చిపెట్టడం నా వృత్తి. ఆ వారమే ఈ సంస్థ యజమాని నన్ను పిలిచారు. డ్రిప్ అమర్చడం, పాత డ్రిప్‌కు సర్వీసు చేయడం వీళ్ళ పని. మొత్తం తొమ్మిది మంది. ఆరుగురు ఫిట్టర్లు మూడు జతలుగా బైకుల మీద తిరుగుతారు. ఫోన్లు ఎత్తే అమ్మాయి ఒకరు, స్టోర్ చూసే ఆయన ఒకరు, యజమాని. అనంతపురం నుంచి గార్లదిన్నె, శింగనమల, నార్పల, కూడేరు, ఆత్మకూరు, ఒక్కోసారి తాడిపత్రి దాకా వెళ్తారు. యజమాని నన్ను అడిగింది ఒకే మాట: "ఏదో ఒక మంచి యాప్ చెప్పండి, వేసేద్దాం."

నేను యాప్ చెప్పలేదు. రెండు వారాలు టైము అడిగాను.

ముందు కాగితం మీద లెక్క

ఆ రెండు వారాలూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించాను. వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక వరుస, వెళ్ళిన ప్రతి ట్రిప్పుకూ ఒక గీత. వృథా ట్రిప్పు అయితే ఎందుకు అయిందో పక్కనే ఒక్క ముక్క. ఇది చేయకుండా టూల్ చూడడానికి కూర్చుంటే డెమోలో ఏది మెరిస్తే అదే మన అవసరంలా కనిపిస్తుంది. అందుకే ఈ పని నేను ఎక్కడా వదలను.

రెండు వారాల్లో 61 పనులు వచ్చాయి. వాటికి 74 ట్రిప్పులు అయ్యాయి. అందులో 17 వృథా. ఆ 17ను కారణాల వారీగా విడదీస్తే ఏడు కరెంటు లేక, ఆరు కావలసిన సామాను తీసుకెళ్ళక, రెండు రైతు తోటలో లేక, రెండు ఒకే చోటికి రెండు జతలు వెళ్ళి.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, టూల్ ఎంపికంతా దాని చుట్టూ తిరిగింది కాబట్టి. డ్రిప్ పని ఏది చేసినా చివర్లో మోటారు ఆన్ చేసి, ప్రెషర్ వస్తోందా, మొక్కల వరుసల వెంట పరిచే లేటరల్ పైపు చివరి దాకా నీళ్ళు పారుతున్నాయా అని చూడాలి. లేకపోతే పని అయినట్టు కాదు. పొలాలకు త్రీ ఫేజ్ కరెంటు రోజంతా ఉండదు. ఫీడరు అంటే కొన్ని ఊళ్ళకు కలిపి కరెంటు తెచ్చే లైను; ఏ ఫీడరుకు ఏ గంటల్లో ఇస్తారో ముందే ఖరారై ఉంటుంది, మధ్యలో మారుతూ కూడా ఉంటుంది. ఉదయం పూట కరెంటు వచ్చే ఊరికి ఫిట్టరు మధ్యాహ్నం వెళ్తే ఫిల్టరు విప్పి కడిగి బిగించగలడు గానీ పరీక్ష చేయలేడు. మర్నాడు మళ్ళీ పోవాలి. అంటే ఈ టీముకు షెడ్యూలు అంటే గంటల పట్టిక కాదు. ఏ ఊరు, ఏ పూట, ఏ జత, సంచిలో ఏముండాలి. ఈ నాలుగూ కలిపి ఒక్క చోట కనబడాలి.

ఫీల్డ్ సర్వీస్ యాప్ ట్రయల్

యజమాని అప్పటికే ఒక ఫీల్డ్ సర్వీస్ యాప్ డెమో చూసి ఉన్నారు. పద్నాలుగు రోజుల ఉచిత ట్రయల్ ఉంది కాబట్టి దానితోనే మొదలుపెట్టాం. చెడ్డ సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు. నగరంలో ఏసీ రిపేరు చేసే ఇరవై మంది టీముకు బాగా కుదురుతుంది. మాకు ఎక్కడ కుదరలేదో చెప్తాను.

డెమోలో అందరికీ బాగా నచ్చింది ఆటో షెడ్యూలింగ్. పనులు, ఊళ్ళు ఇస్తే దూరాన్ని బట్టి అదే పంచిపెడుతుంది. మూడు రోజులు దానికి వదిలేశాం. అది పంచిన తీరు మ్యాపు మీద చూస్తే చక్కగా ఉంది. ముందు దగ్గరి శింగనమల, తర్వాత దూరంగా నార్పల. కానీ ఆ వారం నార్పల పనులున్న ఫీడరుకు కరెంటు ఉదయం, శింగనమల వైపు మధ్యాహ్నం. దూరం లెక్క సరిగ్గా ఉండి, పని లెక్క తలకిందులైంది. పనికి టైము హద్దు పెట్టే వసతి యాప్‌లో ఉంది. కానీ ఫీడరు వేళలు మారినప్పుడల్లా ఒక్కో పనినీ తెరిచి మార్చాలి. ఫోన్లు ఎత్తే అమ్మాయికి ఏ ఫీడరు ఏ పూటో నోటికి వచ్చు. ఆమెకు తెలిసిన విషయాన్ని యాప్‌కు నేర్పడానికి పట్టే టైములో ఆమె మూడు జతల షెడ్యూలూ చేత్తో రాసేస్తుంది. మూడు జతలకు రోజుకు ఐదారు పనులు పంచడం మనిషికి పదిహేను నిమిషాల పని. ఆటో షెడ్యూలింగ్ ఖర్చుకు తగ్గ ఫలితం ఇవ్వాలంటే పంచాల్సిన పనులు అంతకు ఎన్నో రెట్లు ఉండాలి.

రెండోది గంటల గళ్ళు. అందులో ప్రతి పనికీ ఎప్పుడు మొదలు, ఎప్పుడు పూర్తి అని ఇవ్వాల్సిందే. 10:00 నుంచి 11:30 అని వేశాం. మొదటి తోటలో లేటరల్ పైపులకు నీళ్ళిచ్చే సబ్‌మెయిన్ పగిలి ఉందని తెలిసి మూడు గంటలు పట్టింది. దాని వెనకున్నవన్నీ ఎర్రబడ్డాయి. ఆఫీసులో అమ్మాయి వాటిని జరుపుతూ కూర్చుంది. జరిపిన ప్రతిసారీ ఫిట్టర్ల ఫోన్లు మోగాయి. రెండో రోజుకే ఫిట్టర్లు ఆ నోటిఫికేషన్లు చూడడం మానేశారు. పనికి ఎంత సేపు పడుతుందో విప్పి చూస్తే గానీ తెలియని చోట పూట కన్నా చిన్న గడి పెట్టకూడదు. ఉదయం, మధ్యాహ్నం, అంతే. అలా సగం రోజు గళ్ళు పెట్టుకోనివ్వని టూల్ అయితే, మిగతావి ఎన్ని ఉన్నా ఈ రకం టీముకు పనికిరాదని నా అభిప్రాయం.

యజమాని మనసు పడింది మాత్రం జీపీఎస్ మీద. ఎవరు ఎక్కడున్నారో మ్యాపు మీద చుక్కల్లా కదులుతూ కనిపిస్తుంది. నేను కాదనలేదు. నోట్‌బుక్ తెరిచి, ఆ 17 వృథా ట్రిప్పుల్లో జీపీఎస్ ఉంటే ఏవి తప్పేవో గీత గీయమన్నాను. పెన్ను పట్టుకుని ఒక్కొక్కటీ చూశారు. కరెంటు లేక తిరిగొచ్చినవి తప్పవు, సామాను మరిచినవి తప్పవు, రైతు లేనివి తప్పవు. రెండు జతలు ఒకే చోటికి వెళ్ళినవి? అవి చేరాక తెలుస్తుంది, ముందు తెలియదు. గీత ఒక్కటీ పడలేదు. ఇంకో వైపు, రోజంతా లొకేషన్ ఆన్‌లో ఉంచితే ఫిట్టర్ల ఫోన్లు సాయంత్రానికి చార్జింగ్ అయిపోతున్నాయి. పెద్ద ఫిట్టరు నాతో విడిగా అన్న మాట ఇది: "పదిహేనేండ్ల నుంచి ఇక్కడే ఉండా సార్, ఇప్పుడు నన్ను చుక్కగా చూసుకోవాల్నా?" ఆయన బాధ న్యాయమైనది. కనబడని సమస్య కోసం ఉన్న నమ్మకం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు, యజమాని కూడా ఒప్పుకున్నారు.

తర్వాత ధర. సైటులో ఒక్కో యూజరుకు నెలకు ₹700 అని ఉంది. తొమ్మిది మందికి ₹6,300 అనుకున్నాం. కొటేషన్ వచ్చాక చూస్తే యూజర్లను ఐదేసి చొప్పున కట్టగా అమ్ముతారు, కాబట్టి పది. ఆ ₹700 కూడా ఏడాదికి ఒకేసారి కడితేనే. అంటే 700 × 10 × 12 = ₹84,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే ₹99,120. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ఆ పన్ను సర్దుకోవచ్చు, కానీ డబ్బు ముందు కట్టాలి కదా. అన్నిటికన్నా నన్ను ఆపిన విషయం ఇంకోటి. తన పని ఏమిటో చదువుకోవడానికి మాత్రమే యాప్ తెరిచే ఫిట్టరు కూడా పూర్తి యూజరే. ఏమీ మార్చడు, తేదీ ముట్టుకోడు, అయినా పూర్తి ధర.

అక్కడే నా ఆలోచన మారింది. తొమ్మిది మందిలో తేదీ మార్చే అధికారం నిజంగా ఎవరికి ఉంది? ఫోన్లు ఎత్తే అమ్మాయికి, ఆమె లేనప్పుడు యజమానికి. స్టోర్ ఆయన సామాను గడి నింపుతాడు. ఫిట్టర్లు ఆరుగురూ చదువుతారు, అయిందో లేదో చెప్తారు. అంటే రాసేవాళ్ళు ముగ్గురు, చదివేవాళ్ళు ఆరుగురు. ఆరుగురు చదవడానికి ఒక యాప్ కొనాలా, వాళ్ళు రోజూ తెరిచే చోటికే ఆ కాగితం పంపితే చాలదా?

బోర్డు ఎందుకు చాల్లేదు

వారం పాటు కార్డులు జరిపే బోర్డు కూడా వాడి చూశాం. చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి అని మూడు వరుసలు. ఇంటి నిర్మాణం లాంటి పనికి, ఏ గది ఏ దశలో ఉందో చూడడానికి బోర్డు హాయిగా ఉంటుంది. మాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, చేయాల్సిన వరుసలో కార్డులు ముప్పై దాటగానే కొత్తవి పైన కనిపిస్తూ పాతవి అడుక్కు పోయాయి. ఫోన్లో చూస్తే మరీ. ఆత్మకూరు రైతు ఒకరి కార్డు పదకొండు రోజులు అడుగున ఉండిపోయింది. రేపు ఏ జతకు ఎన్ని పనులు పడ్డాయో కూడా బోర్డు చూసి ఒక్క చూపులో చెప్పలేం.

క్యాలెండరుది దీనికి తిరుగు. తేదీ పడిన పని బాగా కనిపిస్తుంది, ఇంకా తేదీ పడని పని అసలు ఎక్కడా ఉండదు. సర్వీసు టీముల్లో మరుగున పడేవన్నీ ఈ తేదీ పడనివే. కాబట్టి ఏ టూల్ చూసినా నేను మొదట వెతికేది ఇది: తేదీ లేని పనులన్నీ పాతవి పైన ఉండేలా ఒక జాబితాగా, తేదీ ఉన్నవి జతల వారీగా రోజు పట్టికగా, రెండూ ఒకే సమాచారం నుంచి కనిపించాలి. రెండు చోట్ల విడిగా రాసుకోవాల్సి వస్తే వారంలో ఆ రెండూ ఒకదానికొకటి పొంతన తప్పుతాయి.

ఎంచినది: ఒక షీటు, ఒక సాయంత్రపు మెసేజీ

చివరికి Google Sheets తీసుకున్నాం. కొత్త సంగతి కాదు, కానీ ఎలా అమర్చామన్నదే అసలు విషయం. ఒకే పట్టిక, ఒక పనికి ఒక వరుస. A నుంచి L దాకా గళ్ళు ఇలా: వచ్చిన తేదీ, రైతు, ఊరు, ఫోను, పని, సామాను, కరెంటు పూట, వెళ్ళే తేదీ, జత, స్థితి, ఆగిన కారణం, అయిన తేదీ. జతలకు A, B, C అని పేర్లు. స్థితి నాలుగే: కొత్తది, తేదీ పడింది, ఆగింది, అయింది. డ్రాప్‌డౌన్‌లో నుంచి ఎంచాలి, చేత్తో టైపు చేయడానికి లేదు. శాతాల్లో పురోగతి చూపే గడి ఒకటి పెట్టమని యజమాని అడిగారు. ఫిల్టరు అరవై శాతం బాగైంది అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆగింది, మల్టీపోర్ట్ వాల్వు లేదు" అంటే స్టోర్ ఆయన వెంటనే కదులుతాడు. అందుకే ఆగింది అని పెడితే కారణం గడి తప్పక నింపాలని నియమం పెట్టాం.

సాయంత్రం ఆరున్నరకు జత జతకూ రేపటి పనుల మెసేజీ షీటే తయారుచేస్తుంది. A జతకు రాసిన ఫార్ములా ఇది:

```
=IFERROR(TEXTJOIN(CHAR(10)&CHAR(10),TRUE,
 FILTER(B2:B&", "&C2:C&", "&D2:D&CHAR(10)
 &E2:E&" | "&F2:F&" | "&G2:G,
 H2:H=TODAY()+1, I2:I="A")),"పని లేదు")
```

రేపటి తేదీ ఉండి A జతకు పడిన వరుసలన్నీ ఏరి, ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. అమ్మాయి దాన్ని కాపీ చేసి ఆ జత వాట్సాప్‌లో అతికిస్తుంది. కంప్యూటరు నుంచి కాపీ చేస్తే ముందూ వెనకా కొటేషన్ గుర్తులు వస్తాయి, తీసేయాలి. ఫిట్టర్లకు కొత్త యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు. వచ్చిన మెసేజీ ఫోన్లో ఉండిపోతుంది కాబట్టి తోటలో సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు. ట్రయల్ యాప్ ఈ విషయంలోనే గట్టిగా దెబ్బతింది. కూడేరు దాటాక ఒక తోటలో అది గిర్రున తిరుగుతూనే ఉంది, పని వివరం తెరుచుకోలేదు. ఏ యాప్ అయినా కొనేముందు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, యాప్ మూసి తెరిచి, రేపటి పని కనిపిస్తుందో లేదో చూడాలి. నిమిషం పరీక్ష.

పెద్ద గ్రూపులో "ఓకే" తంటా రాకుండా మూడు జతలకూ విడి గ్రూపులు పెట్టాం. మెసేజీ అందాక జతలో ఒకరు ఎన్ని పనులున్నాయో అంకె రాయాలి. "3" అని. టిక్కులు నీలంగా మారడం చదివినట్టు లెక్క కాదు, అంకె సరిపోతేనే లెక్క.

మొదటి వారం తగిలిన దెబ్బ

జూన్ 4 సాయంత్రం మూడు జతలకూ "పని లేదు" అని వెళ్ళింది. ఫిట్టర్లు సంతోషించారు. ఐదో తేదీ ఉదయం తొమ్మిదికి రైతుల ఫోన్లు మొదలయ్యాయి. షీటు తెరిస్తే ఐదో తేదీకి ఆరు పనులు కళ్ళెదుటే ఉన్నాయి.

తప్పు నాదే. షీటు తయారుచేసినప్పుడు File మెనూలో Settings తెరిచి తేదీలను ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పే Locale చూడలేదు. అది United States మీద ఉంది. అమ్మాయి 05/06 అని టైపు చేస్తే షీటు దాన్ని మే 6 అని చదువుకుంది. మనకు కనబడడానికి 05/06 లాగే ఉంటుంది. రోజూ నెలా ఒకే అంకె అయితే తప్ప, నెల మొదటి పన్నెండు రోజులూ ఇలా మౌనంగా తప్పుతాయి. పదమూడో తేదీ నుంచి ఇంకో రకం: 13/06 అంటే పదమూడో నెల లేదు కాబట్టి అది తేదీయే కాదు, ఉత్త అక్షరాలు అనుకుంటుంది. గుర్తుపట్టడం తేలికే. తేదీగా అందుకున్నది గడిలో కుడి వైపుకు, అక్షరాలుగా అందుకున్నది ఎడమ వైపుకు ఒరిగి ఉంటుంది. పన్నెండు లోపు తేదీలను మాత్రం అలా పట్టలేం, నెల పేరు కనిపించే ఫార్మాటులోకి మార్చి చూడాలి.

దాన్ని మించిన నా తప్పు ఫార్ములాలోని IFERROR. ఏ వరుసా దొరక్కపోతే FILTER మామూలుగా #N/A చూపిస్తుంది. నేను దాన్ని అందంగా "పని లేదు" అని మార్చాను. ఆ అందం వల్లే తప్పు బయటపడలేదు. #N/A కనబడి ఉంటే అమ్మాయి ఆ సాయంత్రమే నన్ను అడిగి ఉండేది.

Locale ను India కు మార్చాం, పాత తేదీలు చేత్తో సరిచేశాం. ఫార్ములాలో ఆ మాట తీసేసి "ఏ పనీ దొరకలేదు, షీటు చూడండి" అని పెట్టాం. షీటు పైభాగంలో ఇంకో గడి చేర్చాం:

```
=COUNTIFS(J2:J,"తేదీ పడింది",H2:H,"<"&TODAY())
```

తేదీ దాటిపోయినా ఇంకా తేదీ పడింది అనే స్థితిలోనే ఉన్న పనులు ఎన్నో ఇది చెబుతుంది. రోజూ సాయంత్రం మెసేజీలు పంపేముందు ఇది సున్నా కావాలి. మే 6గా మారిన తేదీ అయితే ఇక్కడ బయటపడుతుంది. నిన్న వెళ్ళొచ్చి అయిందో ఆగిందో చెప్పని పనీ ఇక్కడే బయటపడుతుంది. కొన్న యాప్‌లలో ఎన్నో రిపోర్టులు చూశాను గానీ, ఈ టీముకు ఈ ఒక్క అంకెను మించి పనికొచ్చేది నాకు కనబడలేదు.

మళ్ళీ మళ్ళీ వచ్చే పనులు

సర్వీసు ఒప్పందం ఉన్న తోటలకు మూడు నెలలకోసారి వెళ్ళాలి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి డ్రిప్పర్లు పూడుకుపోతాయి, యాసిడ్ ట్రీట్‌మెంట్ చేసి లేటరల్ చివరలు విప్పి వదలాలి. ఇలాంటి పనికి రికరింగ్ ఫీచరు ఉందా అని అందరూ అడుగుతారు. ఉంటుంది, దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. అడగాల్సింది ఏ తేదీ నుంచి లెక్కిస్తుందని.

అనుకున్న తేదీ నుంచి లెక్కించేది ఒక రకం, పని నిజంగా అయిన తేదీ నుంచి లెక్కించేది ఇంకో రకం. ఈఎంఐ లాంటివాటికి మొదటిది సరి. యాసిడ్ ట్రీట్‌మెంట్‌కు రెండోదే కావాలి. వాన పడి, రైతు ఊళ్ళో లేక సర్వీసు ఆరు వారాలు ఆలస్యమైందనుకోండి, మొదటి రకం టూల్ తర్వాతి సర్వీసును పాత లెక్క ప్రకారం ఏడు వారాల్లోనే పెట్టేస్తుంది. రైతు "మొన్నే కదా వచ్చిపోయినారు" అంటాడు, ట్రిప్పు వృథా. Todoist లో ఈ తేడాను `every 3 months` అనీ `every! 3 months` అనీ రాస్తారు, ఆ ఆశ్చర్యార్థకం పెడితే అయిన రోజు నుంచి లెక్క. Google Calendar లో రిపీట్ పెట్టే ఈవెంట్ మొదటి రకమే. షీటులో అయితే అయిన తేదీకి 90 కలిపితే చాలు:

```
=IF(L2="","",L2+90)
```

ఒప్పందం తోటలకు వేరే షీటు పెట్టి, అక్కడ ఈ తేదీ దగ్గరపడిన వరుసలను అమ్మాయి సోమవారం ఉదయం చూసి ప్రధాన పట్టికలో చేరుస్తుంది. దాన్ని ఆటోమేటిక్ చేయలేదు. ముందు రైతుకు ఫోను చేసి అడగాలి కాబట్టి మనిషి చేయి పడడమే మేలు.

బయటికి తీసుకోగలమా

ట్రయల్ యాప్‌లో మొదటి రోజే పది పనులు ఎక్కించి, CSV గా దించి చూశాం. Excel లో తెరిస్తే ఊళ్ళ పేర్లన్నీ పిచ్చి గుర్తులు. యజమాని కంగారు పడ్డారు. అది యాప్ తప్పు కాదు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే Excel ఒక్కోసారి తెలుగును వేరే ఎన్‌కోడింగ్‌లో చదువుతుంది. Data మెనూలో From Text/CSV ద్వారా తెరిచి, File Origin దగ్గర 65001: Unicode (UTF-8) ఎంచితే తెలుగు తెలుగులాగే వచ్చింది. అసలు లోటు వేరే చోట ఉంది. పని పేరు, తేదీ, స్థితి వచ్చాయి గానీ, కింద ఫిట్టర్లు రాసిన మాటలు, ఫోటోలు రాలేదు. రెండేళ్ళు వాడాక ఏ తోటలో ఏ వాల్వు మార్చామన్న చరిత్ర అంతా ఆ మాటల్లోనే ఉంటుంది. అది బయటికి రాదంటే ధర పెంచినా కదలలేం.

షీటుకూ దాని ఇబ్బందులు దానికున్నాయి. మొదట దాన్ని అమ్మాయి సొంత జీమెయిల్‌లో తయారుచేశారు. ఆమె ఉద్యోగం మారితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. షాపు పేరుతో వేరే ఖాతా తెరిచి దాని కిందికి మార్పించాను. స్టోర్ ఆయన తన వరుసలు మాత్రమే చూడాలని మామూలు ఫిల్టరు వేస్తే అందరికీ అవే కనబడి, అమ్మాయి "పనులు పోయినాయి" అని హడలిపోయింది. ఎవరి చూపు వాళ్ళకు ఉండాలంటే Filter view వాడాలి. ఆయనకు F గడి తప్ప మిగతావి తాళం వేశాం. ఏదైనా చెరిగిపోతే Version history లో పాతది ఉంటుంది, దాన్ని ఒకసారి తెరిచి వెనక్కి తెచ్చే పద్ధతి ఇద్దరికీ చేసి చూపించాను.

ఆరు వారాల తర్వాత

జూలైలో మళ్ళీ రెండు వారాలు అదే నోట్‌బుక్ లెక్క. 58 పనులు, 63 ట్రిప్పులు, ఎనిమిది వృథా. కరెంటు వల్ల రెండు, సామాను వల్ల నాలుగు, రైతు లేక రెండు. ఒకే చోటికి రెండు జతలు వెళ్ళడం లేదు. ఏప్రిల్ ఎండల్లో పని ఒత్తిడి వేరు, జూలైది వేరు, కాబట్టి ఈ రెండు లెక్కలనూ తూకం వేసినట్టు పోల్చను. కరెంటు వృథా ఏడు నుంచి రెండుకు రావడం మాత్రం పూట గడి వల్లే. ఫోను వచ్చినప్పుడే "మీకు కరెంటు ఏ పూట?" అని అడగడం అమ్మాయికి ఇప్పుడు అలవాటైంది, ఆ గడి ఖాళీగా ఉంటే తేదీ వేయదు.

ఈ అమరిక ఎక్కడ తెగుతుందో యజమానికి రాసిచ్చాను. మధ్యాహ్నం మారే పనులు ఇప్పటికీ ఫోన్ మీదే నడుస్తున్నాయి, సాయంత్రం షీటులో ఎక్కుతాయి. మూడు జతలకు పర్వాలేదు, ఐదారు జతలైతే ఆఫీసులో ఒక్కరు ఆ ఫోన్లు తట్టుకోలేరు. ఆయన కళ్యాణదుర్గంలో రెండో షాపు తెరవాలనుకుంటున్నారు. అప్పుడు రెండు చోట్ల ఇద్దరు తేదీలు మారుస్తారు, ఒకే ఫిట్టరుకు ఒకే పూట రెండు పనులు పడినా షీటు అడ్డుకోదు. తోట దగ్గరే బిల్లు వేసి రైతు సంతకం తీసుకోవాలన్నా షీటు చాలదు. ఆ రోజు వస్తే యాప్ కొనాల్సిందే. అప్పుడు అమ్మేవాళ్ళను అడగాల్సినవి కాగితం మీద ఉన్నాయి: చదివేవాళ్ళకు ధర ఎంత, గంటలు కాకుండా పూటలు పెట్టుకోవచ్చా, సిగ్నల్ లేకుండా తెరుచుకుంటుందా, రికరింగ్ ఏ తేదీ నుంచి, మాటలూ ఫోటోలూ బయటికి వస్తాయా.

ప్రస్తుతం మిగిలిన పెద్ద తలనొప్పి సామాను వృథా. ఆరు నుంచి నాలుగుకే దిగింది. F గడిలో ఏం తీసుకెళ్ళాలో రాస్తున్నారు, కానీ అది స్టోర్‌లో ఉందో లేదో షీటుకు తెలియదు. ఉందనుకుని తేదీ వేస్తారు, ఉదయం ఏడున్నరకు జత బయల్దేరేటప్పుడు లేదని తేలుతుంది. పోయిన వారం నుంచి స్టోర్ ఆయన సాయంత్రం ఐదుకే రేపటి F గడి చూసి, సామాను తీసి జత పేరు రాసిన మూడు ట్రేలలో పెడుతున్నాడు. ట్రే నిండని పనికి ఆరున్నర మెసేజీలో చోటు ఉండదు. ఈ రెండు వారాల లెక్క ఇంకా రావాలి.